సాఫ్ట్‌వేర్ వచ్చినా బిల్లు పుస్తకం ఎందుకు పోదు: చిన్న క్లినిక్‌లో అడ్‌కార్ మోడల్

చిన్న క్లినిక్‌లో కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టిన రెండు మూడు వారాలకు దాదాపు ప్రతిచోటా ఒకే మాట వినిపిస్తుంది: "స్టాఫ్‌కి ఇంకోసారి ట్రైనింగ్ ఇప్పించాలి." కంపెనీ కుర్రాడు మళ్ళీ వస్తాడు. గంటసేపు స్క్రీన్లు చూపిస్తాడు. అందరూ అర్థమైందంటారు. మర్నాడు సాయంత్రం ఏడింటికి చూస్తే రిసెప్షన్ బల్ల మీద కార్బన్ కాగితం పెట్టిన పాత బిల్లు పుస్తకమే తెరిచి ఉంటుంది. కంప్యూటర్ పక్కన వెలుగుతూనే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ వాడకపోవడానికి తెలియకపోవడం ఒక కారణం మాత్రమే. మిగతా కారణాలకు ట్రైనింగ్ మందు కాదు. ఎవరు ఏ కారణంతో ఆగిపోయారో మనిషి మనిషికీ విడిగా పట్టుకోవడానికి పనికొచ్చే పద్ధతి అడ్‌కార్ మోడల్. అమెరికాలో 1994లో ప్రోసై అనే సంస్థను పెట్టిన జెఫ్ హయట్ దీన్ని రూపొందించారు. వందల సంస్థల్లో మార్పులు ఎలా నెగ్గాయో, ఎక్కడ చతికిలపడ్డాయో గమనించి తయారుచేసిన ఈ పద్ధతిని 2006లో పుస్తకంగా వివరించారు. పెద్ద కంపెనీల కోసం పుట్టిందే అయినా, ఏడెనిమిది మంది పనిచేసే చోట ఇది ఇంకా బాగా పనిచేస్తుంది. అక్కడ ప్రతి ఉద్యోగినీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడడం నిజంగా సాధ్యం కాబట్టి.

మోడల్‌లో మెట్లు అయిదు. మొదటిది అవేర్‌నెస్, అంటే ఈ మార్పు ఎందుకు వచ్చిందో తెలియడం. రెండోది డిజైర్, తనకై తాను మారడానికి ఒప్పుకోవడం. మూడోది నాలెడ్జ్, ఎలా చేయాలో తెలియడం. నాలుగోది ఎబిలిటీ, తెలిసినదాన్ని అసలు పని ఒత్తిడిలో చేయగలగడం. అయిదోది రీఇన్‌ఫోర్స్‌మెంట్, పాత అలవాటుకు జారిపోకుండా నిలబెట్టడం. వరస ముఖ్యం. కింది మెట్టు గట్టిపడకుండా పై మెట్టు మీద పెట్టిన ఖర్చు నిలవదు. ఒక్కొక్కరికీ ఒక్కో మెట్టు మీద ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేస్తారు. కింది నుంచి చూసుకుంటూ వస్తే మూడు గానీ అంతకంటే తక్కువ గానీ మొదట ఎక్కడ పడిందో, ఆ మనిషి అక్కడ ఆగినట్టు. దీన్ని బ్యారియర్ పాయింట్ అంటారు. ముందు అక్కడే పని చేయాలి. పై మెట్లలో ఎంత తక్కువ మార్కులున్నా వాటి జోలికి అప్పుడే పోనక్కర్లేదు.

వినడానికి తేలికగానే ఉంది. దీన్ని ఒక క్లినిక్‌లో పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

మారతహళ్ళిలో ఒక క్లినిక్ అనుకుందాం

బెంగళూరు మారతహళ్ళిలో, ఔటర్ రింగ్ రోడ్డుకు లోపలి వీధిలో, ఒక తెలుగు డాక్టర్ దంపతుల క్లినిక్ ఉందనుకుందాం. ఆయన జనరల్ ఫిజీషియన్, ఆమె పిల్లల డాక్టర్. పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా, సాయంత్రం అయిదున్నర నుంచి తొమ్మిదింటి దాకా చూస్తారు. రిసెప్షన్‌లో తొమ్మిదేళ్ళుగా ఉన్న చిత్తూరు జిల్లా ఆమె, ఆనుకుని ఉన్న మందుల షాపులో ఇద్దరు కుర్రాళ్ళు, బీపీ, బరువు చూసే నర్సు, వారానికి రెండుసార్లు వచ్చే అకౌంటెంట్. ఇప్పటిదాకా కన్సల్టేషన్‌కి బిల్లు పుస్తకం, మందులకు ఒక పాత ప్రోగ్రామ్, నెలాఖరున రెండూ కలిపి అకౌంటెంట్ టాలీలోకి ఎక్కించడం. ఇకమీదట రిజిస్ట్రేషన్, కన్సల్టేషన్, ఈసీజీ, నెబులైజేషన్, డ్రెస్సింగ్, మందులు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి రావాలి.

ఎందుకు రావాలి? క్లినిక్‌కి గట్టి కారణాలే ఉన్నాయి. చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎక్కువ. కంపెనీలో క్లెయిమ్ పెట్టుకోవడానికి నంబరు, డాక్టర్ రిజిస్ట్రేషన్ వివరాలు ఉన్న ప్రింటు బిల్లు అడుగుతారు. చేత్తో రాసిన చీటీ వెనక్కి వస్తే మళ్ళీ క్లినిక్‌కే వస్తారు. మందుల షాపులో ఏ బ్యాచ్ ఎక్స్‌పైరీకి దగ్గర పడిందో డబ్బా తెరిస్తే తప్ప తెలియదు. కన్సల్టేషన్ మీద జీఎస్టీ లేదు, షాపులో అమ్మే మందుల మీద ఉంది. ఆ రెంటినీ అకౌంటెంట్ నెలనెలా చేత్తో విడదీస్తున్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద పన్ను చాలావరకు 5 శాతానికి తగ్గినప్పుడు పాత ప్రోగ్రామ్‌లో రేట్లు ఒక్కొక్కటిగా మార్చుకోవాల్సి వచ్చింది.

ఈ కారణాలు డాక్టర్‌కి తెలుసు, అకౌంటెంట్‌కి తెలుసు. రిసెప్షన్ ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమెకు సాఫ్ట్‌వేర్ సంగతి మొదట తెలిసింది కంపెనీ కుర్రాడి నోట. అతను చెప్పింది అందులో ఏమేమి ఉన్నాయో. క్లినిక్ ఎందుకు మారుతోందో కాదు. చాలాచోట్ల అవేర్‌నెస్ పోయేది ఇక్కడే. ప్రోసై సర్వేల్లో పదేపదే తేలిన విషయం ఒకటుంది: సంస్థ ఎందుకు మారుతోందన్నది సంస్థను నడిపే పెద్దల నోట, నా పని ఎలా మారుతుందన్నది నేరుగా నా మీద ఉన్నవాళ్ళ నోట వినాలని ఉద్యోగులు కోరుకుంటారు. చిన్న క్లినిక్‌లో ఆ ఇద్దరూ ఒక్కరే, డాక్టరే. ఆయన చెప్పకపోతే చెప్పేవాళ్ళు ఇంకెవరూ ఉండరు. పావుగంట చాలు. క్లెయిమ్‌లో వెనక్కొచ్చిన ఒక చీటీ, ఎక్స్‌పైరీ అయి పారేసిన మందుల డబ్బా ఒకటి బల్ల మీద పెట్టి, "ఇందుకే మారుతున్నాం, ఫలానా తేదీ నుంచి" అని అందరికీ ఒకేసారి చెబితే మొదటి మెట్టు దాదాపు అందరికీ దాటిపోతుంది. ఈ మెట్టు గురించి ఇంతకుమించి చెప్పుకోవాల్సింది లేదు. కష్టం తర్వాతి మెట్టుతో మొదలవుతుంది.

రిసెప్షన్ ఆమె ఎందుకు ఒప్పుకోలేదు

డాక్టర్ అలా కారణం చెప్పిన మూడు వారాల తర్వాత రిసెప్షన్ ఆమెకు మార్కులు వేస్తే ఇలా వచ్చాయనుకుందాం: అవేర్‌నెస్ 4, డిజైర్ 2, నాలెడ్జ్ 3, ఎబిలిటీ 2. బయటికి కనిపించేది ఆమె స్క్రీన్ మీద తడబడడం. అందుకే అందరూ ట్రైనింగ్ అంటారు. కానీ ఆమె ఆగింది రెండో మెట్టు దగ్గర. అది దాటకుండా మూడో మెట్టు మీద ఎన్ని క్లాసులు పెట్టినా ఆమె నేర్చుకున్నది వాడదు.

ఇక్కడ "ఆమెకు కంప్యూటర్ అంటే ఇష్టం లేదు" అని తేల్చేయడం సులువు. ఆ మాట అన్నవాళ్ళు ఆమె ఫోన్‌లో యూపీఐ, వాట్సాప్, ఊళ్ళో చీటీ లెక్కలు ఎంత చకచకా నడుపుతుందో చూసి ఉండరు. అసలు కారణం తెలియాలంటే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, అదీ డాక్టర్ ఎదురుగా లేనప్పుడు: ఈ సాఫ్ట్‌వేర్ వల్ల మీకు ఏం పోతుంది?

జవాబు సాధారణంగా ఇలా ఉంటుంది. "ఇదివరకు రోజాఖరున యాభై తక్కువొస్తే మర్నాటి దాంట్లో సర్దేదాన్ని సార్. ఇప్పుడు ప్రతిదీ నా పేరు మీద పడతా ఉంది. క్యాన్సిల్ చేస్తే నా పేరు, మారిస్తే నా పేరు. డాక్టర్ సారు లోపల్నుంచి ఇంటర్‌కామ్‌లో 'వాళ్ళ దగ్గర తీసుకోవద్దు' అంటారు, బిల్లు అప్పటికే కొట్టేసుంటాను. అది క్యాన్సిల్ చేయాల. నెలకి నలభై క్యాన్సిళ్ళు నా పేరు మీద కనిపిస్తే రేపు ఎవరన్నా ఏమనుకుంటారు?"

మాటలో భయం ఉంది, భయంలో న్యాయం ఉంది. పాత పద్ధతిలో డాక్టర్ వద్దన్న ఫీజుకి బిల్లే పుట్టేది కాదు కాబట్టి దానికి లెక్కా లేదు. కొత్త పద్ధతిలో బిల్లు ముందు పుడుతుంది, తర్వాత చస్తుంది, చంపినవాళ్ళ పేరు రిపోర్టులో మిగులుతుంది. ఆమె బిల్లు పుస్తకాన్ని పట్టుకుని ఉన్నది సోమరితనంతో కాదు, తన మీద నింద రాకుండా చూసుకోవడానికి. ఎవరి దగ్గరైతే తొమ్మిదేళ్ళుగా రోజూ వేలల్లో నగదు చేతులు మారుతోందో, వాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

మోడల్‌ను పైపైన చదివినవాళ్ళు పొరబడేది కూడా ఇక్కడే. డిజైర్ తక్కువగా ఉంటే ఉత్సాహపరచాలి, కేక్ కోయాలి, ఇన్సెంటివ్ ఇవ్వాలి అనుకుంటారు. ఆమెకు కావలసింది ఉత్సాహం కాదు, కాపుదల. అది మూడు పనులతో వస్తుంది. మొదటిది, డాక్టర్ వద్దన్న ఫీజుని క్యాన్సిల్ చేయకుండా "డాక్టర్ కన్సెషన్" అనే రకం కింద సున్నా బిల్లుగా పెట్టడం. ఈ సౌకర్యం చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఉంటుంది, ఎవరూ తెరిచి పెట్టరు. ఇంకా మంచిది, ఆ కన్సెషన్ డాక్టరే తన లాగిన్‌లో గుర్తు పెట్టడం. అప్పుడది డాక్టర్ పేరు మీదే కనిపిస్తుంది. రెండోది, మొదటి నెల రోజువారీ తేడా ఫలానా మొత్తం లోపు ఉంటే జీతంలో కోత ఉండదని డాక్టరే నోటితో, అందరి ముందు చెప్పడం. మూడోది, రిసెప్షన్ కంప్యూటర్‌కి ఒకే లాగిన్ పెట్టి నర్సూ ఫార్మసీ కుర్రాడూ అందరూ అదే వాడే అలవాటు ఆపడం. ఎవరి లాగిన్ వాళ్ళకుంటే వేరేవాళ్ళ తప్పు ఆమె పేరు మీద పడదు. పేరు పడుతుందన్న భయానికి విరుగుడు పేరు సరిగ్గా పడేలా చూడడమే.

గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆమె రెండో మెట్టు దగ్గర ఆగడానికి కారణం డాక్టర్ మారకపోవడం. ఆయన సాఫ్ట్‌వేర్ కొన్నాడు గానీ, ఇంటర్‌కామ్‌లో ఫీజు మాఫీ చేసే తన పాత అలవాటు వదులుకోలేదు. ఆయనకూ మార్కులు వేయాలి. డబ్బు పెట్టినవాడు కదా, అయిదుకి అయిదూ ఉంటాయనుకుని ఆయనను లెక్కలో వేయకపోవడమే చిన్న క్లినిక్కుల్లో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. ఆయనకు క్లినిక్ ఎందుకు మారాలో పూర్తిగా తెలుసు; తాను ఏం మార్చుకోవాలో ఎవరూ ఆయనకు చెప్పలేదు. స్టాఫ్ చెప్పలేరు. సాఫ్ట్‌వేర్ అమ్మినవాడు చెప్పడు. అకౌంటెంటో, డాక్టర్ భార్యో చెప్పాలి.

తెలిసినా చేయలేకపోవడం

మందుల షాపు కుర్రాడి కథ వేరు. మార్పు ఎందుకో తెలుసు, ఇష్టంగానే ఉన్నాడు, పరీక్ష పెడితే స్క్రీన్లన్నీ చకచకా తెరిచి చూపిస్తాడు. అతని మార్కులు 5, 5, 5, ఆ తర్వాత 2. మధ్యాహ్నం మూడింటికి తప్పు రాదు, సాయంత్రం ఏడింటికి వస్తుంది. మూడో మెట్టుకీ నాలుగో మెట్టుకీ ఉన్న తేడా అంతా ఈ నాలుగు గంటల్లో ఉంది.

అతని తప్పుల్లో ఒకటి దగ్గరగా చూద్దాం. పారాసిటమాల్ 650 స్ట్రిప్పులో 15 మాత్రలు. డాక్టర్ రోజుకు రెండు చొప్పున మూడు రోజులకు రాశారు, అంటే ఆరు మాత్రలు. కుర్రాడు మందు పేరులో మొదటి మూడక్షరాలు కొట్టి, బ్యాచ్ ఎంచుకుని, పరిమాణంలో 6 అని కొడతాడు. మందుల జాబితా ఎక్కించినప్పుడు ఆ మందుకు యూనిట్ "మాత్ర" అని కాకుండా "స్ట్రిప్పు" అని పడి ఉంటే బిల్లు ఆరు స్ట్రిప్పులకు వస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడైతే మొత్తం చూసి పట్టుకుంటాడు. ఎదురుగా పదిమంది నిలబడి ఉన్నప్పుడు, నాలుగైదు మందులున్న బిల్లులో ఆ వరుస కంటపడదు. రోగి ఇంటికెళ్ళి చూసుకుని గొడవకొస్తాడు, లేదా చూసుకోడు. రెండోది ఇంకా చెడ్డది. పైగా షాపులో 84 మాత్రలు ఎక్కువ మిగిలినట్టు, అంటే ఆరు స్ట్రిప్పుల 90 మాత్రల్లోంచి ఇచ్చిన ఆరు పోగా, స్టాకులో తేడా కూర్చుంటుంది. నెలాఖరున లెక్కపెడితే ఎక్కడి తేడా అంటే ఎవరూ చెప్పలేరు.

దీనికి మందు క్లాసు కాదని ఇప్పుడు వేరే చెప్పనక్కర్లేదు. మందుల జాబితాలో ఎక్కువగా కదిలే వంద మందులకు యూనిట్లు ఒక మధ్యాహ్నం కూర్చుని సరిచేయాలి. ప్రారంభ స్టాకును బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీతో సహా డబ్బాలు చేతిలో పట్టుకుని ఎక్కించాలి. పాత ప్రోగ్రామ్ నుంచి లాగిన జాబితాను నమ్మకూడదు. ఆ తర్వాత పాత చీటీలు ఇరవై తీసుకుని, రద్దీ లేని వేళ ఎవరో పక్కన నిలబడి చదువుతుంటే ఇతను బిల్లులు కొట్టాలి. ఇలా వారం చేస్తే వేళ్ళకు అలవాటు పడుతుంది. ఎబిలిటీ వేళ్ళలోకి రావాల్సిందే, వింటే వచ్చేది కాదు.

రిసెప్షన్‌లోనూ ఇదే మెట్టు ఉంది, అక్కడ లెక్క ఇంకా కటువుగా ఉంటుంది. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా గంటన్నరలో ముప్పై మంది వస్తారనుకుంటే మూడు నిమిషాలకొకరు. చేత్తో బిల్లు రాయడానికి ఒక నిమిషం పడుతుంది. మిగతా రెండు నిమిషాలు ఫోన్లు ఎత్తడానికి, పిల్లాడికి జ్వరం ఎక్కువగా ఉంటే ముందు పంపడానికి సరిపోతాయి. కొత్త సాఫ్ట్‌వేర్‌లో మొదటి వారం రిజిస్ట్రేషన్‌తో కలిపి నాలుగు నిమిషాలు పడితే, తొంభై నిమిషాల్లో ఇరవై రెండు మందికే బిల్లు అవుతుంది. ఎనిమిది మంది బల్ల ముందు నిలబడి ఉంటారు, వాళ్ళలో ఒకరి చంకలో పిల్లాడు ఏడుస్తుంటాడు. ఆ క్షణంలో ఎవరైనా బిల్లు పుస్తకమే తెరుస్తారు. అది మొండితనం కాదు. రోగులను నిలబెట్టకూడదన్న మంచి బుద్ధే.

కాబట్టి నాలుగు నిమిషాలను మూడు లోపుకి దించడం క్లినిక్ పని, ఆమె పని కాదు. రిజిస్ట్రేషన్ స్క్రీన్ మీద చిరునామా, రక్తం గ్రూపు, ఎవరు పంపారు అంటూ పదిహేను గళ్ళుంటాయి. అందులో పేరు, ఫోన్, వయసు, ఆడ లేదా మగ అన్న నాలుగే తప్పనిసరి చేయించి, మిగతావి నర్సు బీపీ చూసేటప్పుడు నింపేలా పెడితే ఒక నిమిషానికి పైగా తగ్గుతుంది. మొదటి రెండు వారాలు సాయంత్రం మాత్రం ఇంకొకరిని ఫోన్లు ఎత్తడానికి కూర్చోబెడితే ఇంకో అర నిమిషం. ఏడు రోజుల లోపు మళ్ళీ వచ్చినవాళ్ళకు ఫీజు లేదన్నది ఆమె ఇప్పటిదాకా ముఖం చూసి చెప్పేది. ఆ నియమం సాఫ్ట్‌వేర్‌లో పెట్టించి, ఫోన్ నంబరు కొట్టగానే తెర మీద కనిపించేలా చేస్తే వాదనలూ తగ్గుతాయి. ఈ మూడూ చేయకుండా "స్పీడ్ పెంచండమ్మా" అనడం అన్యాయం.

ఇంకో చిన్న చిక్కు, రోజూ వచ్చేది. చెల్లింపు విధానం దగ్గర సాఫ్ట్‌వేర్ తనంతట తాను "నగదు" అని పెట్టుకుని ఉంటుంది. రోగి ఫోన్‌తో స్కాన్ చేసి 500 కడతాడు, ఆమె తొందరలో మార్చకుండా ఎంటర్ కొడుతుంది. రాత్రి లెక్క చూస్తే సాఫ్ట్‌వేర్ ప్రకారం నగదు 11,650 ఉండాలి, డ్రాయర్‌లో 11,150 ఉంది. గుండె ఝల్లుమంటుంది. అదే సమయంలో యూపీఐ సాఫ్ట్‌వేర్‌లో 18,300 అని ఉంటే, ఫోన్‌లో 18,800 వచ్చి ఉంటుంది. నగదు ఎంత తగ్గిందో యూపీఐ అంతే పెరిగితే అది పోయిన డబ్బు కాదు, తప్పు గడిలో పడిన డబ్బు. రెండు తేడాలూ పక్కపక్కన చూడడం నేర్పితే అయిదు నిమిషాల్లో ఆ బిల్లు దొరుకుతుంది. చెల్లింపు విధానాన్ని ఖాళీగా వదిలి, ఎంచుకుంటే తప్ప ముందుకు పోనివ్వకుండా సెట్టింగ్ మార్పిస్తే తేడా రావడమే తగ్గిపోతుంది. ఇది చూడడానికి నాలుగో మెట్టు విషయం. కానీ ఇలాంటి రాత్రులు రెండు మూడు గడిస్తే ఆమె మళ్ళీ రెండో మెట్టుకు జారుతుంది. మెట్లు ఎక్కినంత మాత్రాన కింద ఉన్నవి శాశ్వతంగా గట్టిపడినట్టు కాదు.

మార్కులు నమ్మొచ్చా

అయిదు మెట్ల మార్కులను కాగితం మీద నింపమని ఇస్తే అందరూ నాలుగులూ అయిదులూ వేసి ఇస్తారు, యజమాని చదివే కాగితం మీద ఎవరూ తమకు ఇష్టం లేదని రాసుకోరు. అందుకే చిన్నచోట కాగితం కన్నా చూపు మేలు. సాఫ్ట్‌వేర్ ఎందుకొచ్చిందో రోగికి చెప్పమంటే ఏం చెబుతారో వినండి, అవేర్‌నెస్ తెలుస్తుంది. ఎవరూ చూడనప్పుడు ముందు చేయి దేని మీదికి పోతుందో చూడండి, డిజైర్ తెలుస్తుంది. మధ్యాహ్నం ఒక బిల్లు కొట్టించండి, నాలెడ్జ్ తెలుస్తుంది. అదే బిల్లు సాయంత్రం ఏడింటికి గమనించండి, ఎబిలిటీ తెలుస్తుంది. అయిదో మెట్టుకు మొదలుపెట్టకముందు మార్కులు వేయడం అర్థం లేని పని.

ఇంకో హద్దు కూడా చెప్పాలి. ఒకరికి ఎబిలిటీ తక్కువ వస్తే అది మనిషి సంగతి. బల్ల దగ్గర కూర్చునే అందరికీ ఒకే మెట్టు మీద రెండు వస్తే అది సాఫ్ట్‌వేర్ సంగతి. మనుషులు ఎక్కడ ఆగారో అడ్‌కార్ చెబుతుంది, కొన్న వస్తువు మంచిదో కాదో చెప్పదు. ప్రింటు రావడానికి నలభై సెకన్లు పట్టే సాఫ్ట్‌వేర్‌ను మనుషుల్ని మార్చి నిలబెట్టలేరు. అలాంటప్పుడు కంపెనీని పిలవాలి, లేదంటే ఇంకో సాఫ్ట్‌వేర్ చూసుకోవాలి.

పుస్తకాన్ని ఎప్పుడు తీసేయాలి

చాలామంది డాక్టర్లు కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఏప్రిల్ 1న మొదలుపెట్టాలనుకుంటారు. కొత్త ఆర్థిక సంవత్సరంతో బిల్లు నంబర్ల వరస కొత్తగా మొదలవుతుంది, మార్చి 31న స్టాకు ఎలాగూ లెక్కపెడతారు కాబట్టి. లెక్కలకు అది మంచి రోజే, మనుషులకు కాదు. అకౌంటెంట్ ఆ వారం దొరకడు, సాఫ్ట్‌వేర్ కంపెనీకి అదే రోజు ఇంకెన్నో చోట్ల పని ఉంటుంది. ఫిబ్రవరి నడిమధ్యలో ఒక బుధవారం కన్సల్టేషన్ బిల్లులతో మాత్రమే మొదలుపెట్టి, మందుల షాపును ఏప్రిల్ 1న కలపడం మేలు. రిసెప్షన్ అప్పటికి నాలుగో మెట్టు దాటి ఉంటుంది, ఇబ్బందులన్నీ ఒకే సాయంత్రం మీద పడవు.

రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే శాలువా కప్పడం అనుకుంటే పొరబాటు. పాత దారి తెరిచి ఉన్నంతకాలం జనం దాంట్లోనే నడుస్తారు. అయితే బిల్లు పుస్తకాన్ని పూర్తిగా తీసేస్తే కరెంటు పోయిన సాయంత్రం, నెట్ ఆగిపోయిన సాయంత్రం క్లినిక్ ఆగిపోతుంది. కాబట్టి పుస్తకం ఉండాలి, వేరే నంబర్ల వరసతో, డాక్టర్ డ్రాయర్‌లో. కావాలంటే అడిగి తీసుకోవాలి, అందులో రాసిన ప్రతి బిల్లూ అదే రాత్రి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కాలి, ఎక్కినట్టు పుస్తకంలో గుర్తు పడాలి. అడిగి తీసుకోవాలన్న ఒక్క నియమమే అలవాటుగా తెరవడాన్ని ఆపుతుంది.

అయిదో మెట్టు కింద డాక్టర్ చేయాల్సింది రోజుకు పది నిమిషాల పని. రాత్రి తొమ్మిదింటికి రోజువారీ ముగింపు కాగితం మీద మూడు అంకెలు చూడాలి: చేత్తో రాసిన బిల్లులెన్ని, క్యాన్సిల్ అయినవెన్ని, నగదు తేడా ఎంత. చూసి సంతకం పెట్టాలి, బాగుంటే బాగుందని అనాలి. రెండో వారంలో ఆయన చూడడం మానేస్తే స్టాఫ్ మూడో వారంలో ఆ సంగతి కనిపెడతారు, నాలుగో వారంలో పుస్తకం మళ్ళీ బల్ల మీదికి వస్తుంది. చేత్తో రాసిన బిల్లులు వరసగా మూడు వారాలు, కరెంటు పోయిన రోజులు మినహా, సున్నా ఉంటే రోజూ చూడడం వారానికోసారికి తగ్గించుకోవచ్చు. రెండు మూడు నెలల తర్వాత ఆ అంకె మళ్ళీ పెరగడం మొదలైతే ముందు చూడాల్సింది కొత్తగా ఎవరైనా చేరారా అని. బెంగళూరులో రిసెప్షన్ ఉద్యోగాల్లో మనుషులు తరచూ మారుతుంటారు. కొత్తగా వచ్చిన అమ్మాయికి పాస్‌వర్డ్ ఇచ్చి, స్క్రీన్లు చూపించి కూర్చోబెడతారు, అంటే మూడో మెట్టు నుంచి మొదలుపెడతారు. వెనక్కొచ్చిన క్లెయిమ్ చీటీ కథ ఆమెకు తెలియదు, తేడా వస్తే జీతం కోయరన్న మాట ఆమె వినలేదు. ఆ రెండూ డాక్టరే ఆమెకు మళ్ళీ చెప్పాలి, పాస్‌వర్డ్ ఇవ్వకముందే.